ఇంటిపనికి వంతులు: పిల్లలతో కలిపి న్యాయంగా పంచుకునే వారం చార్టు

ఇంటిపనికి చార్టు వేసుకున్న ఇళ్లు చాలానే ఉంటాయి. నెల తిరిగేసరికి ఆ కాగితం ఫ్రిజ్ మీద అలాగే ఉంటుంది, పని మాత్రం మళ్లీ ఒక్కరి నెత్తి మీదకే వస్తుంది. పిల్లల బద్ధకమో పెద్దల పట్టింపు లేకపోవడమో కారణమని అనుకుంటాం. నేను చూసినంతలో అసలు తప్పు చార్టు వేసిన పద్ధతిలోనే ఉంటుంది. పనుల సంఖ్యను పంచుతారు గాని వాటికి పట్టే సమయాన్ని పంచరు. పైగా అందరూ అన్ని పనుల్లోనూ తిరగాలని పెట్టుకుంటారు. ఐదేళ్ల పిల్ల, తొమ్మిదేళ్ల పిల్లాడు, నలభై ఏళ్ల తండ్రి ఒకే చక్రంలో ఎలా తిరుగుతారు?

అందుకే ఈ మార్గదర్శిలో ఒకే ఇంటిని తీసుకుని మొదటి నుంచి లెక్క వేద్దాం. అమ్మ, నాన్న ఇద్దరూ ఉద్యోగస్తులు, బయట గడిపే గంటలు ఇద్దరికీ ఇంచుమించు ఒక్కటే. అక్కకు 13 ఏళ్లు, తమ్ముడికి 9, చెల్లికి 5. మీ ఇంట్లో మనుషులు వేరు, అంకెలు వేరు కావచ్చు గాని లెక్క వేసే దారి ఇదే.

మొదటి మెట్టు: ఒక వారం రాసి పెట్టండి, ఏమీ మార్చకండి

వంటింట్లో ఒక కాగితం అంటించి పక్కనే పెన్ను కట్టేయండి. ఎవరు ఏ పని చేసినా పని పేరు, పట్టిన నిమిషాలు, తమ పేరు అక్కడికక్కడే రాయాలి. రాత్రి కూర్చుని గుర్తు తెచ్చుకుని రాస్తే పనికిరాదు. ఎందుకంటే మనం చేసింది మనకు బాగా గుర్తుంటుంది, ఎదుటివాళ్లు చేసింది అంతగా కనబడదు. 1979లో మైకేల్ రాస్, ఫియోర్ సికోలీ అనే పరిశోధకులు భార్యాభర్తలను విడివిడిగా కూర్చోబెట్టి ఇంటిపనుల్లో మీ వాటా ఎంత అని అడిగారు. చాలా జంటల్లో ఇద్దరి జవాబులూ కలిపితే మొత్తం నూటికి నూరు దాటిపోయింది. అందులో అబద్ధాలేమీ లేవు, జ్ఞాపకం అలా పనిచేస్తుంది, అంతే. కాగితం ఉంటే "నేనే ఎక్కువ చేస్తున్నా" అనే వాదన మొదటి రోజే ఆగిపోతుంది.

ఇక్కడ రెండు విషయాల్లో జాగ్రత్త. ఒకటి, సొంత పని వేరు, ఇంటి పని వేరు. తన పక్క సర్దుకోవడం, తిన్న ప్లేటు సింకులో పెట్టడం, స్కూలు బ్యాగు సర్దుకోవడం, విడిచిన బట్టలు బుట్టలో వేయడం ఎవరికి వాళ్లు చేసుకోవలసినవి. ఇవి చార్టులోకి రావు, వంతుల లెక్కలోకీ రావు. వీటిని చార్టులో కలిపితే తన బూట్లు తాను సర్దుకున్నందుకే పిల్లాడు టిక్కు పెట్టుకుని నా పని అయిపోయిందంటాడు.

రెండోది, చేతులు కదలని పని. ఏం వండాలో ఆలోచించడం, సబ్బు అయిపోతోందని ముందే గమనించడం, బిల్లు కట్టే తేదీ, టీకా తేదీ గుర్తుపెట్టుకోవడం, స్కూలు నుంచి వచ్చిన నోటీసు చదివి సంతకం పెట్టడం. 2019లో అలిసన్ డామింజర్ అనే సమాజశాస్త్రవేత్త ఈ తలలోని పనిని నాలుగు భాగాలుగా విడదీశారు. అవసరాన్ని ముందే పసిగట్టడం, దానికి ఏమేం దారులున్నాయో చూడటం, నిర్ణయించడం, ఆ తర్వాత జరిగిందో లేదో కనిపెట్టుకుని ఉండటం. ఆమె మాట్లాడిన జంటల్లో నిర్ణయం ఇద్దరూ కలిసి తీసుకునేవారట. పసిగట్టడం, కనిపెట్టుకుని ఉండటం మాత్రం ఎక్కువగా ఆడవాళ్ల మీదే పడేవి. దీనికి కూడా నిమిషాలు రాయండి. కచ్చితంగా తేలదు, నిజమే. రోజుకు ఇరవై నిమిషాలని వేసుకుంటే లెక్కలో దానికీ ఒక చోటు దొరుకుతుంది.

మన ఉదాహరణ ఇంట్లో వారం తిరిగేసరికి తేలిన లెక్క ఇది. వంట 630 నిమిషాలు, చెల్లి స్నానం, తయారీ, చదివించడం 350, గిన్నెలు తోమడం 280, ఊడవడం 140, తలలోని పని 140, సరుకుల కొనుగోలు 100, బట్టలు ఉతికి ఆరేయడం 100, మడతపెట్టి బీరువాల్లో సర్దడం 100, తడిగుడ్డ పెట్టడం 90, స్టవ్వు, వంటగట్టు తుడవడం 70, భోజనాల బల్ల సర్దడం, తీయడం 70, బాత్రూమ్‌లు కడగడం 50, చెత్త 35, మొక్కలకు నీళ్లు 35. మొత్తం 2190 నిమిషాలు, అంటే ముప్పై ఆరున్నర గంటలు. అందులో అమ్మ చేసింది 1410, నాన్న 600, అక్క 150, తమ్ముడు 30, చెల్లి సున్నా.

రెండో మెట్టు: ఎవరు ఎంత మోయగలరో తేల్చండి

న్యాయమంటే అందరికీ సమానంగా నిమిషాలు కాదు. పెద్దల మధ్య కొలవవలసింది చివరికి మిగిలే తీరిక. ఉద్యోగం, ప్రయాణం, ఇంటిపని మూడూ కలిపాక ఇద్దరికీ మిగిలే ఖాళీ సమయం దగ్గరదగ్గరగా ఉండాలి. ఒకరు బయట పది గంటలు, మరొకరు ఐదు గంటలు పనిచేస్తుంటే ఇంటిపని సగం సగం చేయడం న్యాయం కాదు. ఇంట్లో ఉండే మనిషికి "నువ్వు ఇంట్లోనేగా ఉంటావు" అని మొత్తం అప్పజెప్పడమూ న్యాయం కాదు.

పిల్లలకు మాత్రం ముందు పరిమితి పెట్టి, ఆ పరిమితిలో పట్టే పనులు వెతకాలి. ఐదేళ్ల పిల్లకు రోజుకు పది నిమిషాలు, తొమ్మిదేళ్లకు ఇరవై నుంచి పాతిక, పదమూడేళ్లకు అరగంట దాటి కొంచెం. ఇది నా అంచనా, శాసనమేమీ కాదు. చదువు, ఆట, నిద్ర వీటిలో ఏదైనా తగ్గుతోందంటే పరిమితి ఎక్కువైందని అర్థం. పిల్లల పనులకు నిమిషాలు వేసేటప్పుడు పిల్లలకు పట్టే సమయమే వేయండి. మీకు పది నిమిషాల్లో అయ్యే ఊడ్పు వాడికి ఇరవై పడుతుంది.

మూడో మెట్టు: వయసుకు తగ్గ పని

వయసు జాబితాలు ఎక్కడ చూసినా దొరుకుతాయి గాని అవి ఉజ్జాయింపు మాత్రమే. అసలు చూడవలసినవి మూడు. చేయి అందుతుందా? చెప్పిన పని మధ్యలో మరిచిపోకుండా చివరిదాకా గుర్తుంటుందా? తప్పు జరిగితే పోయేది గ్లాసా, వేలా?

రెండు మూడేళ్ల పిల్లలు బొమ్మలు బుట్టలో వేయగలరు, ఒక వస్తువు తెచ్చి ఇవ్వగలరు. ఇది పని కంటే అలవాటు, చార్టు లెక్కలో వేయకండి. నాలుగైదేళ్లకు బల్ల మీద చెంచాలు, విరగని ప్లేట్లు పెట్టడం, సాక్సు జతలు కలపడం, చిన్న మగ్గుతో మొక్కలకు నీళ్లు పోయడం వస్తాయి. ఆరేడేళ్లకు చిన్న బట్టలు మడతపెట్టడం, నీళ్ల సీసాలు నింపడం, దుమ్ము తుడవడం. ఎనిమిది నుంచి పదేళ్ల లోపు ఒక గది ఊడవగలరు, చెత్త బయట పెట్టగలరు, బల్ల తీసి తుడవగలరు, ఉతికిన బట్టలు ఎవరివి వాళ్లకు సర్దగలరు. పదకొండు దాటాక తడిగుడ్డ పెట్టడం, వాషింగ్ మెషీన్ వేయడం, పెద్దవాళ్లు పక్కనుండగా కత్తి పట్టడం, స్టవ్వు మీద తేలికైన వంట నేర్చుకోవడం. పద్నాలుగు పదిహేనుకు ఒక పూట వంట మొత్తం చేతికివ్వవచ్చు.

వయసుతో సంబంధం లేకుండా పిల్లలకు ఇవ్వకూడనిది బాత్రూమ్ కడిగే మందుల పని. బ్లీచింగ్‌లో యాసిడ్ ఉన్న టాయిలెట్ క్లీనర్ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది. అమ్మోనియా ఉన్న అద్దాల క్లీనర్ కలిసినా విషవాయువే. రెండు సీసాలూ కలిపితే బాగా పోతుందని పిల్లలకు అనిపించడం సహజం. మన ఉదాహరణలో అందుకే ఈ పని పెద్దల దగ్గరే ఉంచాను.

ఇంకో మాట. జాబితా వేశాక అమ్మాయి పనులు, అబ్బాయి పనులు ఒకసారి పక్కపక్కన పెట్టి చూడండి. అమ్మాయి వంటింట్లో, అబ్బాయి గేటు దగ్గర తేలితే వయసు చూసి పంచలేదన్నమాట.

నాలుగో మెట్టు: పనులను సెట్లుగా కట్టి, చిన్న చక్రాలు వేయండి

వంతులు తిప్పడానికి ముందు ఒక ప్రశ్న అడగండి. ప్రతి ఒక్కరూ తమకు అస్సలు నచ్చని మూడు పనులు, పెద్దగా కష్టమనిపించని మూడు పనులు చీటీ మీద రాయాలి. ఎవరికైనా నిజంగా ఇష్టమైన పని ఉంటే అది వాళ్లకే స్థిరంగా ఇచ్చేయండి, తిప్పవలసిన అవసరం లేదు. అందరూ వద్దన్న పనికే వంతు అత్యవసరం.

ఆ తర్వాత చక్రాలు. ఒకే చక్రంలో ఒకే రకం శక్తి ఉన్నవాళ్లే తిరగాలి. మన ఇంట్లో రెండు చక్రాలు చాలు. అక్క, తమ్ముడు ఒకటి. అమ్మ, నాన్న ఒకటి. చెల్లికి చక్రం లేదు, రెండు స్థిరమైన పనులు మాత్రమే. ఆ వయసులో రోజూ అదే పని అదే సమయానికి చేస్తేనే పట్టుబడుతుంది.

పిల్లల చక్రంలో రెండు సెట్లు. ఊడ్పు సెట్టు 140 నిమిషాలు. చెత్త, బల్ల తీయడం, బట్టలు మడత కలిపి రెండో సెట్టు 170. వారానికొకసారి ఇద్దరూ మార్చుకుంటారు. అక్క పెద్దది కాబట్టి తడిగుడ్డ పని, 90 నిమిషాలు, ఆమెకు స్థిరం. దాంతో తమ్ముడికి వారానికి 140 లేదా 170, అక్కకు 230 లేదా 260 నిమిషాలు పడతాయి. చెల్లికి 70.

పెద్దల చక్రంలో ఒక సెట్టు వంట, సరుకులు, తలలోని పని: 870 నిమిషాలు. రెండో సెట్టు గిన్నెలు, వంటగట్టు, బట్టలు ఉతకడం, బాత్రూమ్‌లు, చెల్లి బాధ్యత: 850. వంట చేసే మనిషే ఆ వారం ఏం వండాలో అనుకుని, ఏం కొనాలో చూసి, కొనుక్కుని రావాలి. "నువ్వు చెప్పు, నేను తెస్తా" అంటే అది వంతు తీసుకోవడం కాదు, సాయం చేయడం. పని చేతులు మారింది గాని ఆలోచన పాత తలలోనే ఉండిపోయింది. ఇది సరిగ్గా జరగని ఇంట్లో చార్టు ఎంత అందంగా గీసినా నిలవదు.

| పని | రోజులు | ఎప్పటిలోగా | 1, 3 వారాలు | 2, 4 వారాలు |
|---|---|---|---|---|
| వంట, సరుకులు, తలలోని పని | రోజూ | భోజన వేళకు | అమ్మ | నాన్న |
| గిన్నెలు, స్టవ్వు, వంటగట్టు | రోజూ | పడుకునే లోపు | నాన్న | అమ్మ |
| చెల్లి స్నానం, తయారీ, చదువు | రోజూ | ఉదయం, సాయంత్రం | నాన్న | అమ్మ |
| బట్టలు ఉతికి ఆరేయడం | సోమ, బుధ, శుక్ర, ఆది | ఉదయం | నాన్న | అమ్మ |
| బాత్రూమ్‌లు | శని | మధ్యాహ్నం లోపు | నాన్న | అమ్మ |
| ఊడవడం | రోజూ | సాయంత్రం ఆటకు ముందు | అక్క | తమ్ముడు |
| చెత్త, బల్ల తీయడం | రోజూ | రాత్రి భోజనం అవగానే | తమ్ముడు | అక్క |
| బట్టల మడత | ఉతికిన మర్నాడు | రాత్రి భోజనం లోపు | తమ్ముడు | అక్క |
| తడిగుడ్డ | సోమ, గురు, శని | ఊడ్చిన వెంటనే | అక్క | అక్క |
| మొక్కలకు నీళ్లు | రోజూ | స్కూలు నుంచి రాగానే | చెల్లి | చెల్లి |
| బల్ల మీద ప్లేట్లు, చెంచాలు | రోజూ | భోజనానికి ముందు | చెల్లి | చెల్లి |

ఈ పట్టికతో అమ్మ వాటా 1410 నుంచి సగటున 860కి దిగుతుంది. తగ్గిన 550 నిమిషాల్లో 290 పిల్లలు తీసుకున్నారు, 260 నాన్న తీసుకున్నాడు. పిల్లలను ఎంత దింపినా నాన్న ఆ నాలుగు గంటల పైచిలుకు కదలకపోతే లెక్క కుదరదు.

పట్టికలో గడియారం సమయం రాయకుండా భోజనం, ఆట, నిద్ర లాంటివి పెట్టడానికి కారణం ఉంది. ఏడు గంటలు ఎప్పుడయ్యాయో పిల్లలకు ఎవరో ఒకరు చెప్పాలి. భోజనం అయిందని ఎవరూ చెప్పక్కర్లేదు. ఒకరు చీకటితో బయల్దేరి రాత్రికి గాని రాని ఉద్యోగమైతే వారం వారం మార్చుకోవడం కుదరదు. అప్పుడు ఉదయం పూట వంట ఎప్పుడూ ఒకరిది, రాత్రి గిన్నెలు ఎప్పుడూ మరొకరివి అని స్థిరం చేసుకుని, సెలవు రోజుల్లో తిప్పుకోండి.

ఐదో మెట్టు: "అయిపోయింది" అంటే ఏమిటో రాయండి

గొడవల్లో చాలా భాగం ఇక్కడే పుడతాయి. చెత్తనే తీసుకోండి. తమ్ముడు సంచి తీసుకెళ్లి బయట పెట్టి వచ్చాడు, వాడి దృష్టిలో పని అయిపోయింది. పొద్దున అమ్మ తొక్కలు వేయబోతే డబ్బాలో సంచి లేదు, అడుగున ఏదో కారి అంటుకుని ఉంది. "తీయమంటే తీశాగా!" అని వాడు, "ఇదేనా తీయడం?" అని అమ్మ. ఇద్దరూ నిజమే చెబుతున్నారు.

కాబట్టి డబ్బా మూత లోపలి వైపు నాలుగు ముక్కలు రాసి అంటించండి. సంచి ముడి వేయాలి. బయట పెట్టాలి. డబ్బాలో మరక ఉంటే తుడిచి కొత్త సంచి వేయాలి. చేతులు కడుక్కోవాలి. ఊడ్పుకైతే: కుర్చీలు జరిపి, గోడ మూల నుంచి మొదలుపెట్టి తలుపు వైపు రావాలి, చేటలోకి ఎత్తాలి, చీపురు దాని చోటులో పెట్టాలి. చదవడం రాని చెల్లికి బొమ్మలు గీయండి. ప్రతి పనికీ నాలుగైదు ముక్కలకు మించవద్దు.

నేర్పేటప్పుడు తొందరపడకూడదు. మొదట మీరు చేస్తుంటే వాడు చూడాలి, తర్వాత ఇద్దరూ కలిసి చేయాలి, ఆ తర్వాత వాడు చేస్తుంటే మీరు చూడాలి, చివరికి వాడొక్కడే. ఒక్కో దశకు రెండు మూడు రోజులు ఇస్తే చాలు. మూడో దశలో నోరు కట్టేసుకోవడమే కష్టం. వాడు చేసి వెళ్లాక మీరు మళ్లీ ఊడ్చారనుకోండి, అది వాడి కంటబడుతుంది. మర్నాటి నుంచి "ఎలాగూ అమ్మ చేస్తుందిగా" అని పైపైన లాగేస్తాడు. కాగితం మీద రాసినవి జరిగితే పని అయినట్టే. రాయనిది ఏదైనా తప్పనిసరి అనుకుంటే ఆదివారం కూర్చున్నప్పుడు చేర్చండి.

ఆరో మెట్టు: డబ్బులిద్దామా?

వంతు పనులకు వద్దు. 1973లో లెప్పర్, గ్రీన్, నిస్బెట్ చేసిన ప్రయోగం ఒకటుంది. బొమ్మలు గీయడమంటే ఇష్టమున్న చిన్నపిల్లల్లో కొందరికి గీస్తే బహుమతి ఇస్తామని ముందే చెప్పారు. ఆ పిల్లలు తర్వాత తమంతట తాము గీయడం తగ్గించారు. చెత్త తీయడమంటే ఎవరికీ అంత ఇష్టం ఉండదు కాబట్టి ఆ ఫలితాన్ని ఇంటిపనికి యథాతథంగా అన్వయించలేం. కానీ డబ్బు పెడితే వచ్చే మరో ఇబ్బంది ఇంట్లోనే కనబడుతుంది. "ఈ వారం నాకు డబ్బులు అక్కర్లేదు, నేను చేయను" అని పిల్లాడు అంటే ఆ మాటకు జవాబుండదు. పాకెట్ మనీ ఇస్తే దాన్ని వేరుగా ఇవ్వండి. వంతుల్లో లేని పెద్ద పని, అటక దులపడం లాంటిది, ఒప్పుకుని చేస్తే దానికి ఇవ్వడంలో తప్పులేదు.

ఏడో మెట్టు: మూడో వారంలో చార్టు కూలకుండా

మొదటి రెండు వారాలు ఉత్సాహంతోనే నడుస్తాయి. మూడో వారంలో ఎవరో ఒకరు "చెత్త తీశావా, బల్ల తుడిచావా" అని అందరి వెంటా పడుతుంటారు. అలా జరుగుతోందంటే చార్టు కూడా ఆ మనిషికి ఒక పనైపోయిందన్నమాట. దీనికి చేయవలసింది గుర్తుచేయడాన్ని కూడా వంతులో పెట్టడం. వారానికొకరు, చెల్లి తప్ప, రాత్రి భోజనం తర్వాత ఒక్కసారి పట్టిక ముందు నిలబడి టిక్కులు లేని గడులు పైకి చదువుతారు. అంతకుమించి మాట్లాడకూడదు. అమ్మానాన్నల ఖాళీ గడులను పదమూడేళ్ల అక్క చదివే వారం చాలా బాగా నడుస్తుంది, చూడండి.

పని మార్చుకోవాలనుకుంటే మార్చుకోవచ్చు. గడువుకు ముందే ఇద్దరూ ఒప్పుకుని పట్టికలో పేర్లు మార్చాలి, అదే వారంలో బదులు తీర్చాలి. వచ్చే నెలకు అప్పు పెట్టడం మొదలైతే ఎవరు ఎవరికి బాకీయో తేలదు. చేయకుండా వదిలేస్తే ఆ పని మర్నాడు వాళ్లదే, ఆ రోజు పనితో పాటు. గిన్నెలు, వంట లాంటివి మర్నాటికి ఆగవు కాబట్టి అవి ఎవరు చేసినా వదిలేసిన మనిషి ఆ వారంలోనే వాళ్ల పని ఒకటి తీసుకోవాలి.

ఎవరికైనా జ్వరం వచ్చినా, పరీక్షలొచ్చినా ఆ సెట్టునంతా మిగిలినవాళ్ల మీద వేయకండి. ముందు ఏం వదిలేయవచ్చో చూడండి. తడిగుడ్డ వారానికి మూడు సార్ల నుంచి ఒకసారికి తగ్గుతుంది. బట్టలు మడత లేకుండా ఎవరివి వాళ్ల బుట్టలోకి వెళ్తాయి. ఇలా తగ్గించిన పట్టిక ఒకటి ముందే రాసుకుని చార్టు వెనక అంటించి ఉంచండి. అవసరమైన రోజున కాగితం తిప్పితే సరిపోతుంది.

ఆదివారం అప్పగింత

సెట్లు మారేది ఆదివారం సాయంత్రం. పావుగంట చాలు. దిగిపోయే మనిషి ఎక్కే మనిషికి మిగిలిన పనులు చెప్పాలి: ఏ సరుకు అయిపోతోంది, ఏ బిల్లు ఎప్పటికి, స్కూలు నుంచి ఏ కాగితం వచ్చింది, చెల్లికి ఏ రోజు ఏం కావాలి. ఇవి నోటితో చెప్పి వదలకుండా ఒకే నోటుపుస్తకంలో రాయండి. లేకపోతే బుధవారం నాడు "నాకెవరూ చెప్పలేదే" అనే మాట వస్తుంది.

నాలుగు వారాలకోసారి ఈ కూర్చోవడం ఇంకో పావుగంట సాగుతుంది. అప్పుడు రెండు పనులకు మాత్రమే సమయం మళ్లీ కొలవండి, అన్నింటికీ కాదు. ఎవరైనా ఇది ఎక్కువవుతోందని అన్న పని ఒకటి, పిల్లల చేయి తిరిగి వేగం పెరిగిన పని ఒకటి. తమ్ముడు ఇరవై నిమిషాల ఊడ్పును పన్నెండుకు తెచ్చాడంటే మిగిలిన ఎనిమిదీ వాడివే. వెంటనే ఇంకో పని అంటగడితే వచ్చే నెల మళ్లీ ఇరవై నిమిషాలు పడుతుంది. కొత్త పని ఇవ్వాలంటే పుట్టినరోజుకో స్కూలు సంవత్సరం మొదలుకో ఇవ్వండి, పాత పని ఒకటి కిందివాళ్లకు దింపుతూ. మన ఇంట్లో చెల్లికి ఆరు నిండగానే చిన్న బట్టల మడత ఆమె చేతికి వస్తుంది, తమ్ముడు ఆ నిమిషాల్లో వాషింగ్ మెషీన్ ఎలా వేయాలో నాన్న పక్కన నిలబడి నేర్చుకోవడం మొదలుపెడతాడు.